గేజికి క్యాలిబ్రేషన్ లేదని సరుకు తిప్పి పంపేటప్పుడు సరఫరాదారుకి ఉత్తరం ఎలా రాయాలి

“ఇరవై ముక్కలు మీరే కొలిచి చూశారట కదండీ, అన్నీ బాగున్నాయట. మరి సరుకు ఎందుకు ఆపారు?”

మాకు స్లీవులు చేసి పంపే నెల్లూరు వర్క్‌షాపు యజమాని 2024 జూన్ 28న నన్ను ఫోనులో అడిగిన మాట ఇది. నేను ఒంగోలు పక్కన గుండ్లపల్లిలో, గ్రానైట్ కోత యంత్రాల విడిభాగాలు తయారయ్యే చోట నాణ్యత విభాగం చూస్తాను. అంతకు ముందు రోజే ఆయనకు ఉత్తరం పంపాను. “గేజి సర్టిఫికెట్ గడువు ముగిసినందున సరుకు తిరస్కరించడమైనది” అని ఒక్క వాక్యం. అది చదివాక కూడా ఆయనకు ఆ ప్రశ్న మిగిలిందంటే తప్పు ఆయనది కాదు, నా ఉత్తరానిది. జూలై 1న దాన్ని పూర్తిగా తిరగరాశాను. ఆ రెండో ఉత్తరం ఎలా తయారైందో, అందులో ఏ మాట ఎందుకు ఉందో వరసగా చెబుతాను.

ముందు సరుకు సంగతి. మొత్తం 480 ఉక్కు స్లీవులు, ట్రాలీ చక్రాల ఇరుసు మీద తిరిగేవి. లోపలి బోరు 40 హెచ్7, అంటే 40.000 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, 40.025కి మించకూడదు. మొత్తం వెసులుబాటు 25 మైక్రాన్లే. వెలుపలి వ్యాసం 55 మిల్లీమీటర్లు, దానికి ఇటూ అటూ వంద మైక్రాన్ల వరకు ఫరవాలేదు. బోరును, అందులో దూర్చి కొలత చూసే ప్లగ్ గేజితో నూటికి నూరు ముక్కలూ చూశామని, వ్యాసాన్ని మైక్రోమీటరుతో చూశామని సరఫరాదారు తనిఖీ నివేదికలో ఉంది. నివేదిక తేదీ జూన్ 20, సరుకు మా గేటు లోపలికి వచ్చింది జూన్ 24.

మొదట మీ సొంత కొనుగోలు ఆర్డరు తీసి చదవండి

ఉత్తరం రాయడానికి కూర్చునే ముందు చూసుకోవలసింది సరఫరాదారు కాగితాలు కాదు, మనవి. తనిఖీకి వాడే గేజిలకు చెల్లుబాటయ్యే క్యాలిబ్రేషన్, అంటే ప్రామాణిక కొలతతో పోల్చి చూసిన ఆధారం, ఉండాలని మన ఆర్డరులో గానీ, దానికి జతపరచిన నాణ్యత షరతుల్లో గానీ రాశామా? రాయకపోతే ఆ ఒక్క కారణం మీద సరుకు తిరస్కరించే హక్కు మనకు దాదాపు లేదు. “ఐఎస్ఓ 9001 అలా చెబుతుంది” అని బుకాయించడం చాలామంది చేసే పని. ఆ ప్రమాణంలోని 7.1.5.2 క్లాజు కొలత పరికరాలను నిర్ణీత వ్యవధుల్లో లేదా వాడకానికి ముందు క్యాలిబ్రేట్ చేయాలని చెప్పే మాట నిజమే. కానీ అది దాన్ని పాటిస్తామని ఒప్పుకున్న సంస్థకు వర్తిస్తుంది. మీ సరఫరాదారుకి ఆ ధ్రువీకరణ లేకపోతే, మీ ఆర్డరు దాన్ని అడగకపోతే, ఆ క్లాజు పేరు ఉత్తరంలో ఎత్తడం వల్ల బరువు పెరగదు, అనవసరమైన వాదం పెరుగుతుంది. అలాంటప్పుడు సరుకును విడిగా ఆపి మీరే కొలుచుకోవాలి. తరువాతి ఆర్డరులో ఆ షరతు చేర్చుకోవాలి.

మా ఆర్డరులో షరతు ఉంది. నాణ్యత షరతుల నాలుగో అంశంలో, “తనిఖీకి వాడిన ప్రతి గేజి, పరికరం తనిఖీ తేదీ నాటికి క్యాలిబ్రేషన్ గడువులో ఉండాలి. వాటి గుర్తింపు సంఖ్యలు నివేదికలో ఉండాలి” అని. కాబట్టి ఉత్తరానికి కాళ్లున్నాయి.

గడువు ఎవరు పెట్టారో చూడండి

నా మొదటి ఉత్తరంలోని పెద్ద తప్పు “సర్టిఫికెట్ గడువు” అన్న మాట. క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ మందు సీసా లాంటిది కాదు, దానికదే చెడిపోయే తేదీ ఉండదు. ఫలానా రోజున, ఫలానా ఉష్ణోగ్రత దగ్గర ఈ గేజి ఇంత ఉంది అని మాత్రమే అది చెబుతుంది. ల్యాబులు పాటించే ఐఎస్ఓ/ఐఈసీ 17025 ప్రమాణం ప్రకారం, ఖాతాదారు ఒప్పుకుంటే తప్ప మళ్లీ ఎప్పుడు క్యాలిబ్రేట్ చేయాలో ల్యాబు సర్టిఫికెట్‌లో సిఫారసు చేయకూడదు. గేజిని రోజుకు వెయ్యి బోర్లలో దూర్చేవారికీ, నెలకు పది బోర్లలో దూర్చేవారికీ ఒకే గడువు ఎలా సరిపోతుంది? ఆ వ్యవధి నిర్ణయించవలసింది గేజి సొంతదారు.

అందువల్ల అడగవలసిన కాగితాలు రెండు. ఒకటి సర్టిఫికెట్, రెండోది సరఫరాదారు దగ్గరుండే గేజిల రిజిస్టరు. మా విషయంలో ప్లగ్ గేజి సంఖ్య పీజీ-07. చివరిసారి క్యాలిబ్రేట్ అయింది 2023 మార్చి 12న. రిజిస్టరులో వ్యవధి పన్నెండు నెలలని ఆయన వాళ్లే రాసుకున్నారు. అంటే 2024 మార్చి 11తో గడువు తీరింది. మా స్లీవులు తనిఖీ చేసింది జూన్ 20న, 101 రోజుల తరువాత. ఇప్పుడు ఉత్తరంలో “మీ సర్టిఫికెట్ చెల్లదు” అని రాయనక్కరలేదు. “మీరు పెట్టుకున్న వ్యవధి మీరే దాటారు” అని రాయవచ్చు. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం, పైగా అది నిజం.

మైక్రోమీటరు సర్టిఫికెట్‌లో తేదీలన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ సర్టిఫికెట్ మీద ఉన్న పరికరం సంఖ్య ఒకటి, తనిఖీ నివేదికలో ఉన్న సంఖ్య ఇంకొకటి. ఇది తేదీ దాటడం కన్నా తరచుగా జరుగుతుంది, కంటికి తక్కువగా ఆనుతుంది. పాత పరికరం కింద పడి పాడైతే కొత్తది కొంటారు, ఫైలులో మాత్రం పాత కాగితమే ఉంటుంది. అందుకే సర్టిఫికెట్ చేతికి రాగానే తేదీ కన్నా ముందు సంఖ్య చూడండి. తరువాత కొలిచిన విలువలు, కొలతలోని అనిశ్చితి, ఏ ప్రమాణానికి అనుసంధానమైందో తెలిపే వాక్యం ఉన్నాయా చూడండి. “పరికరం సంతృప్తికరంగా ఉంది” అని ఒక్క ముక్కతో సరిపెట్టిన కాగితం పనికిరాదు. ల్యాబుకు ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉండాలని మీ ఆర్డరు అడిగితే, ల్యాబుకు గుర్తింపు ఉండడంతో సరిపోదు. ఆ గుర్తింపు పరిధిలో ప్లగ్ గేజిలు, మీకు కావలసిన వ్యాసం ఉన్నాయో లేదో కూడా చూడాలి. బరువుల క్యాలిబ్రేషన్‌కు గుర్తింపు పొందిన ల్యాబు ప్లగ్ గేజికి కూడా అదే అధికారంతో కాగితం ఇవ్వలేదు.

మీరు కొలిచిన నమూనాల సంగతి దాచవద్దు

సరుకు రాగానే మేము 20 స్లీవులు తీసి, మా త్రీ పాయింట్ బోరు మైక్రోమీటరుతో కొలిచాం. ఇరవైకి ఇరవై కొలతలో ఉన్నాయి. మొదటి ఉత్తరంలో ఈ సంగతి రాయలేదు. రాస్తే తిరస్కరణ బలహీనపడుతుందేమోనని సంకోచించాను. ఆయనకు మా స్టోర్సు వాళ్ల ద్వారా తెలిసింది. దాంతో దాచిన మాట అయి కూర్చుంది.

నిజానికి దాన్ని చెప్పడమే మేలు, ఎందుకంటే తిరస్కరణ దాని మీద ఆధారపడలేదు. మేము ఆయన దగ్గర కొన్నది 480 స్లీవులు మాత్రమే కాదు, ప్రతి స్లీవునూ చూశామన్న హామీ కూడా. ఆ హామీకి ఆధారం గేజి. మన ఇరవై ముక్కలు మిగిలిన 460 గురించి పెద్దగా ఏమీ చెప్పలేవు. ఎంత తక్కువ చెప్పగలవో లెక్క వేసి చూడండి. 480లో 11 పాడైనవి ఉన్నాయనుకుందాం. అందులోంచి ఇరవై యాదృచ్ఛికంగా తీస్తే, ఆ ఇరవైలో పాడైనది ఒక్కటీ పడకుండా ఉండే అవకాశం నూటికి 62. అంటే సగానికి పైగా సార్లు మనకు “అన్నీ బాగున్నాయి” అనే కనిపిస్తుంది. ఈ 11 అన్న సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో చివర చెబుతాను.

ఫోనులో ఆయనకు నేను చెప్పిన పోలిక పొగాకు బేళ్లది. “అయ్యా, వేలం కేంద్రానికి బేలు తీసుకువెళ్లారు. తూచే కాటాకి తూనికలు, కొలతల శాఖ ముద్ర గడువు దాటిపోయిందని చూశారు. ఆ కాటా మీద తూకం ఒప్పుకుంటారా? కాటా తప్పని మీరు నిరూపించాలా, సరైనదని వాళ్లు చూపాలా?” అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత, “అయితే సరుకు చెడ్డదని అనడం లేదన్నమాట” అన్నారు. ఉత్తరం చెప్పవలసిన మొదటి మాట అదేనని నాకు అప్పుడు తట్టింది.

పదిహేను రోజుల్లోపు, రాతపూర్వకంగా

ఇది చాలామంది నాణ్యత విభాగాల వాళ్లు పట్టించుకోని విషయం. సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదైతే 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం వర్తిస్తుంది. సరుకు అందిన 15 రోజుల్లోపు కొనుగోలుదారు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, సరుకు అందిన రోజునే దాన్ని అంగీకరించినట్లు ఆ చట్టం లెక్కిస్తుంది. డబ్బు చెల్లింపు గడువు కూడా అక్కడి నుంచే నడుస్తుంది. ఫోనులో ఎంత గట్టిగా చెప్పినా అది లెక్కలోకి రాదు. మాకు సరుకు అందింది జూన్ 24న కాబట్టి జూలై 9 దాకా సమయం ఉంది. నా మొదటి ఉత్తరం నాసిరకంగా ఉన్నా తేదీ విషయంలో మాత్రం కాపాడింది.

ఉత్తరం

అసలు ఉత్తరాన్ని తెలుగులోనే రాశాను. ఆర్డరు, నివేదిక ఇంగ్లీషులో ఉన్నా, నేను చెప్పవలసిన మనిషి తెలుగు పత్రిక చదివే మనిషి. సంఖ్యలు ఏ భాషలోనైనా ఒకటే. పేర్లు, ఆర్డరు సంఖ్య తీసేసి ఇక్కడ ఇస్తున్నాను.

> తేదీ: 1 జూలై 2024
>
> విషయం: 40 హెచ్7 స్లీవులు, 480 ముక్కలు. తనిఖీ గేజిలకు చెల్లుబాటయ్యే క్యాలిబ్రేషన్ లేనందున లాటును తిరస్కరించడం. (27 జూన్ నాటి మా ఉత్తరానికి వివరణ)
>
> యజమాని గారికి,
>
> జూన్ 24న మాకు అందిన పై లాటును మా కొనుగోలు ఆర్డరు నాణ్యత షరతుల్లోని నాలుగో అంశం కింద తిరస్కరిస్తున్నాం. స్లీవుల కొలతలు తప్పని మేము చెప్పడం లేదు. అవి సరిగ్గా ఉన్నాయని మీరు పంపిన తనిఖీ నివేదిక మీద ఆధారపడలేకపోతున్నాం.
>
> కారణాలు రెండు. మొదటిది, బోరు తనిఖీకి వాడిన ప్లగ్ గేజి పీజీ-07 చివరిసారి 2023 మార్చి 12న క్యాలిబ్రేట్ అయింది. మీ గేజిల రిజిస్టరులోని పన్నెండు నెలల వ్యవధి 2024 మార్చి 11న ముగిసింది. తనిఖీ జరిగింది జూన్ 20న. రెండోది, వెలుపలి వ్యాసానికి వాడినట్లు నివేదికలో ఉన్న మైక్రోమీటరు సంఖ్య, మీరు జతపరచిన సర్టిఫికెట్‌లోని సంఖ్య వేరువేరు. నివేదికలోని మైక్రోమీటరుకు సర్టిఫికెట్ అందలేదు.
>
> మేము 20 స్లీవులను మా పరికరంతో కొలిచాం. అన్నీ కొలతలో ఉన్నాయి. ఆ వివరాలు జతపరుస్తున్నాం. అయితే మిగిలిన 460 స్లీవులకు ఆధారం మీ నూరు శాతం తనిఖీయే కాబట్టి ఈ ఫలితంతో లాటును అంగీకరించలేం.
>
> మీరు చేయవలసినవి:
>
> జూలై 3 సాయంత్రంలోగా ఆ రెండు పరికరాలనూ వాడకం నుంచి తీసి, ఎవరూ వాడకుండా విడిగా ఉంచినట్లు తెలియజేయండి. పీజీ-07ను పారవేయవద్దు, శుభ్రం చేయడానికి రుద్దవద్దు, దాని బదులు కొత్తది కొని దీన్ని పక్కన పడేయవద్దు. ఉన్నది ఉన్నట్లుగా ల్యాబుకు పంపండి. అందినప్పటి విలువలు సర్టిఫికెట్‌లో రాయమని ల్యాబును రాతపూర్వకంగా కోరండి. మైక్రోమీటరును కూడా సర్దుబాటు చేయకముందు కొలిపించండి. సర్టిఫికెట్లు జూలై 20లోగా మాకు అందాలి.
>
> రెండు పరికరాలూ అనుమతించిన పరిమితుల్లోనే ఉన్నాయని తేలితే, జూన్ 20 నాటి మీ నివేదికను అంగీకరించి తిరస్కరణను ఉపసంహరిస్తాం. పరిమితి దాటిందని తేలితే ఆ పరికరంతో చూసిన కొలతను, క్యాలిబ్రేషన్ ఉన్న వేరే పరికరంతో 480 స్లీవులకూ తిరిగి చూడాలి. అలాగే, ఆ పరికరం చివరిసారి సరిగ్గా ఉందని తెలిసిన తేదీ నుంచి దానితో తనిఖీ చేసి మాకు పంపిన లాటులన్నిటి వివరాలు ఇవ్వాలి. పీజీ-07 విషయంలో ఆ తేదీ 2023 మార్చి 12.
>
> అప్పటివరకు సరుకు మా తిరస్కృత నిల్వలో ఎర్ర చీటీతో విడిగా ఉంటుంది. మీరు వచ్చి తీసుకువెళ్లవచ్చు, లేదా ఇక్కడికే వచ్చి తిరిగి తనిఖీ చేయవచ్చు. ఏది చేస్తారో జూలై 3లోగా చెప్పండి. రవాణా, తిరిగి తనిఖీ ఖర్చులు ఆర్డరు షరతుల ప్రకారం మీవి.
>
> సర్టిఫికెట్ అందిన పది రోజుల్లో, గడువు ఎలా దాటిందో, మళ్లీ దాటకుండా ఏం చేశారో రాసి పంపండి.
>
> ఇట్లు,
> నాణ్యత విభాగం మేనేజరు

పాత గేజిని ఎందుకు పారవేయవద్దన్నాను

ఈ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంచుకోమని ఎవరైనా అంటే, పీజీ-07 గురించిన ఆ వాక్యాన్నే ఉంచుతాను. ప్లగ్ గేజిని సరిచేయడం కుదరదు. అరిగిందంటే అరిగిందే. అందువల్ల ఇలాంటి ఉత్తరం అందగానే సరఫరాదారు సహజంగా చేసే పని, కొత్త గేజి కొని దానితో వచ్చిన సర్టిఫికెట్ పంపడం. కాగితం కళకళలాడుతూ ఉంటుంది, తేదీ తాజాగా ఉంటుంది. కానీ జూన్ 20న బోర్లలో దూరిన గేజి ఎంత ఉందో ఇక ఎవరికీ తెలియదు. సాక్షి చెత్తబుట్టలో ఉంటాడు.

మైక్రోమీటరుకు ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. సర్దుబాటు చేసి బాగుచేశాక కొలిచి, ఆ విలువలే సర్టిఫికెట్‌లో రాస్తే, అందినప్పటి స్థితి మాయమవుతుంది. అందుకే ల్యాబును ముందే రాతపూర్వకంగా అడగమన్నాను. ల్యాబులు అడిగితే ఇస్తాయి, అడగకపోతే కొన్ని ఇవ్వవు.

గేజి ఏ వైపు అరిగితే ఏమవుతుందో కూడా తెలిసి ఉండాలి, లేకపోతే ఫలితం చూసి అర్థం చేసుకోలేం. ప్లగ్ గేజికి రెండు కొనలు. గో కొన ప్రతి మంచి బోరులోకీ దూరాలి, అది కనిష్ఠ కొలతను చూస్తుంది. నో-గో కొన ఏ మంచి బోరులోకీ దూరకూడదు, అది గరిష్ఠ కొలతను చూస్తుంది. రోజంతా లోపలికీ బయటికీ తిరిగేది గో కొనే కాబట్టి ముందు అరిగేది అదే. అరిగి సన్నబడిన గో కొన, ఉండవలసిన దాని కన్నా చిన్న బోరులోకి కూడా దూరిపోయి “మంచిదే” అంటుంది. నో-గో కొన అరిగితే అందుకు భిన్నంగా, మంచి బోర్లలోకి కూడా దూరి వాటిని తీసివేయిస్తుంది. అది సరఫరాదారుకి నష్టం, మనకు కాదు. మనం భయపడవలసింది గో కొన గురించి.

చిన్న బోరు వల్ల ఏమవుతుంది? మా ఇరుసు 39.991 దాకా ఉండవచ్చు. బోరు 40.000 ఉంటే మధ్యలో 9 మైక్రాన్ల సందు. బోరు 39.995 అయితే సందు 4 మైక్రాన్లే. బిగించేటప్పుడు చేతికి తేడా తెలియదు, స్లీవు తిరుగుతుంది. చీమకుర్తి రాతిపొడి కలిసిన నీళ్లలో నాలుగు నెలలు నడిచాక గ్రీజు ఎండి పట్టేస్తుంది. అప్పుడు ఎవరూ గేజిని గుర్తు చేసుకోరు.

అనుమానం గడువు తేదీ నుంచి మొదలవదు

రెండో ముఖ్యమైన వాక్యం 2023 మార్చి 12 గురించినది. చాలా ఉత్తరాల్లో “గడువు దాటిన తరువాతి లాటులు” అని రాస్తారు. అది తప్పు లెక్క. గేజి మార్చి 11 అర్ధరాత్రి అరగలేదు. ఇప్పుడు పరిమితి దాటి కనిపిస్తే, చివరిసారి సరిగ్గా ఉందని తెలిసిన రోజుకీ ఈ రోజుకీ మధ్య ఎప్పుడైనా దాటి ఉండవచ్చు. కాబట్టి గడువులో ఉండగా పంపిన లాటులు కూడా అనుమానంలోకి వస్తాయి. ఐఎస్ఓ 9001 కూడా పరికరం పనికిరాదని తేలినప్పుడు వెనకటి కొలతల చెల్లుబాటును పరిశీలించమనే అంటుంది. దీనికి మరో పక్క కూడా ఉంది. గేజి బాగుందని తేలితే ఆ లాటులన్నీ ఒక్కసారిగా నిర్దోషులవుతాయి. ఆ దారి ఉత్తరంలో తెరిచి ఉంచడం న్యాయం. సరుకు మంచిదైనా ఎలాగూ ఒప్పుకోరని తెలిస్తే, ఎవరూ పాత గేజిని నిజాయితీగా ల్యాబుకు పంపరు.

జవాబు వచ్చాక

గేజి చెన్నైలోని ల్యాబుకు వెళ్లింది. సర్టిఫికెట్ జూలై 18న వచ్చింది. నో-గో కొన బాగానే ఉంది. గో కొన 39.994 మిల్లీమీటర్లు. కొత్త గో కొనను అరుగుదలకు చోటిస్తూ 40.000 కన్నా కాస్త పెద్దదిగానే చేస్తారు. ఎంతవరకు అరిగినా వాడుకోవచ్చో ఒక పరిమితి ఉంటుంది. ఈ గేజికి అది 39.997. పరిమితిని మూడు మైక్రాన్లు దాటింది. మైక్రోమీటరులో రెండు మైక్రాన్ల తేడా ఉంది. 55 మిల్లీమీటర్ల వ్యాసానికి మనం ఇచ్చిన వెసులుబాటు ముందు అది లెక్కలోది కాదు కాబట్టి ఆ అభ్యంతరాన్ని అక్కడికక్కడే మూసేశాను.

ఇలాంటి సర్టిఫికెట్ చదివేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. పరిమితికి మరీ దగ్గరగా ఉన్న విలువను, పక్కనే ఇచ్చిన అనిశ్చితితో కలిపి చూడాలి. 39.9965 అని వచ్చి, అనిశ్చితి ఒక మైక్రాన్ ఉంటే అది లోపల ఉందో బయట ఉందో ఎవరూ చెప్పలేరు. అటువంటప్పుడు గేజి బాగోలేదన్నట్టే నడుచుకుంటాను. మా విషయంలో ఆ సందిగ్ధం లేదు.

ఆయన మనిషి ఒకరు కొత్త గేజితో గుండ్లపల్లికి వచ్చి రెండు రోజులు కూర్చుని 480 స్లీవులూ చూశాడు. కొత్త గో కొన 14 స్లీవుల్లో దూరలేదు. వాటిని విడిగా బోరు మైక్రోమీటరుతో కొలిస్తే మూడు 40.000 పైనే ఉన్నాయి. కొత్త గేజి కాస్త పెద్దదిగా ఉంటుందన్నాను కదా, అంచున ఉన్న మంచి వాటిని కూడా అది ఆపుతుంది. మిగిలిన 11 నిజంగా చిన్నవి. ముందు చెప్పిన 11 ఇదే. మా ఇరవై ముక్కల నమూనాలో అందులో ఒక్కటి కూడా పడలేదు.

2023 మార్చి తరువాత ఆ గేజితో చూసి పంపిన లాటులు అయిదు. చివరి రెండింటిలోవి మా స్టోర్సులో 160 మిగిలి ఉంటే అవీ చూశాం. మూడు చిన్నవి దొరికాయి. యంత్రాల్లో బిగించిన వాటిని ఊడదీయించలేదు. ఆ స్లీవులు పట్టేశాయన్న ఫిర్యాదు ఏదీ లేదని సర్వీసు రికార్డులు చూసి, ఆ కారణం రాసి, సంతకం పెట్టి ఫైలులో ఉంచాను. ఆ నిర్ణయం తప్పని రేపు తేలవచ్చు. కానీ ఎవరు, ఏ ఆధారంతో తీసుకున్నారో కాగితం మీద ఉంది.

సరఫరాదారు పంపిన మొదటి దిద్దుబాటు జవాబులో “ఆపరేటరు నిర్లక్ష్యం, హెచ్చరించాం” అని ఉంది. తిప్పి పంపాను. ఇలాంటి జవాబును ఎప్పుడూ ఒప్పుకోవద్దు, ఎందుకంటే ఆపరేటరుకు గేజి గడువు చూసే బాధ్యతే ఉండదు. రెండుసార్లు ఫోనులో మాట్లాడాక అసలు సంగతి బయటపడింది. రిజిస్టరు చూసే కుర్రవాడు డిసెంబరులో పని మానేశాడు. గడువులన్నీ అతని ఫోనులో గుర్తుగా పెట్టుకున్నాడు, ఫోనుతో పాటు అవీ వెళ్లిపోయాయి. ఇది గడువు దాటడానికి కారణం. ఏడాదిలో అంత అరగడానికి కారణం వేరే ఉండాలనిపించి, ఆగస్టులో నేనే నెల్లూరు వెళ్లాను.

గేజిల బీరువా తెరిచి చూపించారు. మిగిలిన ప్లగ్ గేజిల కొనల మీద ఎర్రటి మరకలున్నాయి. గత దసరాకి ఆయుధ పూజలో పెట్టిన పసుపు, కుంకుమ బొట్లవి. తడి బొట్టు అలాగే ఉండిపోయి, సముద్రపు గాలి కూడా తోడై, కింద తుప్పు పట్టింది. “పీజీ-07కీ అలాగే పట్టింది సార్. ఎమరీ కాగితంతో రుద్దాం” అన్నాడు ఆపరేటరు, దాచకుండా. యజమాని నా వైపు చూశారు. నేను ఏమీ అనలేదు.

రెండో జవాబులో నాలుగు వాక్యాలున్నాయి. రిజిస్టరు గోడకు తగిలించారు. గడువు చూసే పని యజమాని కొడుకు తీసుకున్నాడు. రోజూ వాడే గో గేజిల వ్యవధి ఆరు నెలలకు తగ్గించారు. పూజలో బొట్టు ఇక గేజికి కాకుండా దాని పెట్టెకి పెడతామని రాశారు. నేను ఒప్పుకుని ఫైలు మూసేశాను.